ఆ కవరు ఎవరి చేతి మీదుగా వెళ్ళింది?

ఏప్రిల్ నెలలో సరుకు అరువు మీద తెచ్చుకునే ప్రతి దుకాణానికీ ఒక రకం ఉత్తరం వస్తుంది. పైన హోల్‌సేల్ కంపెనీ పేరు, కింద నాలుగు వాక్యాలు. ‘మా పుస్తకాల ప్రకారం మార్చి 31 నాటికి మీ నుంచి మాకు ఇంత రావాలి. ఇది సరైనదైతే కింద సంతకం చేయండి, తేడా ఉంటే వివరాలు రాయండి. జవాబు నేరుగా మా ఆడిటర్లకు పంపండి. ఇది బాకీ వసూలు కోసం రాసిన ఉత్తరం కాదు.’ చాలామంది యజమానులు దీన్ని చూడగానే ముందు కంగారు పడతారు, తర్వాత విసుక్కుంటారు. ‘ఇవ్వాల్సింది ఇస్తూనే ఉన్నాంగా, మళ్ళీ ఈ కాగితమేంటి?’ అని గుమాస్తా వైపు తోసేస్తారు. గుమాస్తా రబ్బరు స్టాంపు వేసి, చివరి అంకె ఒక్కటి సరిపోయిందో లేదో చూసి, సంతకం చేసి పక్కన పెడతాడు. అది ఆడిటరుకు చేరిందా, కంపెనీ సేల్స్‌మన్ పట్టుకుపోయాడా అన్నది ఎవరూ పట్టించుకోరు. నిజానికి పట్టించుకోవలసింది దాన్నే.

దీన్ని వ్యాపారంలో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటారు. నేను ఆడిటరు దగ్గర ఆర్టికల్స్ చేసిన రోజుల్లో మొదట నేర్చుకున్న పని ఇదే. నేర్చుకున్నది కూడా ఉత్తరం రాయడం కాదు, పోస్టు చేయడం. మా సీనియర్ కవర్లన్నీ ఒక సంచిలో వేసి, ‘వీటిని క్లయింటు ఆఫీసులో ఎవరికీ ఇవ్వకు. నువ్వే పోస్టాఫీసుకు తీసుకెళ్ళు’ అన్నారు. ఆ క్లయింటు ఆఫీసు అకౌంటెంటు చాలా మర్యాదస్తుడు. ‘మా అబ్బాయి ఎలాగూ పోస్టాఫీసుకు వెళ్తున్నాడు బాబూ, ఎండలో మీరెందుకు?’ అన్నాడు. ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. కానీ ఆ సంచి ఒక్కసారి చేయి మారితే లోపలి కాగితాలకు సాక్ష్యంగా విలువ పోతుంది. ఆ సంగతి నాకు అప్పట్లో చాదస్తంగా కనిపించింది.

ఎందుకు పోతుందో చెప్పాలంటే ఆడిటరు ఇబ్బంది ఏమిటో చూడాలి. కంపెనీ లెడ్జర్‌లో ‘శ్రీకాకుళం షాపు నుంచి 4,86,200 రావాలి’ అని ఉంటుంది. దానికి ఆధారంగా చూపే బిల్లు కంపెనీ తయారుచేసిందే, ఆవర్జా కంపెనీ రాసిందే, రశీదు పుస్తకం కంపెనీదే. ఒకే చేయి రాసిన నాలుగు కాగితాలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. బయటివాడి మాట ఒక్కటి కావాలి. అందుకే ఉత్తరం కంపెనీ లెటర్‌హెడ్ మీద, కంపెనీ సంతకంతోనే వెళ్తుంది. తన లెక్క బయటివారికి చెప్పమని అడిగే హక్కు ఖాతాదారుకే ఉంది కదా. కానీ ఎవరికి పంపాలో ఎంచేది ఆడిటరు, కవరులో పెట్టి పోస్టు చేసేది ఆడిటరు, జవాబు వచ్చేది ఆడిటరు చిరునామాకు. మన దేశంలో ఆడిటర్లు పాటించవలసిన ప్రమాణాల్లో ఎస్.ఏ. 505 అనేది ఈ పనికే ప్రత్యేకించినది. అందులోని సారమంతా ఈ అదుపు గురించే.

అదుపు తప్పితే ఏమవుతుందో హైదరాబాదు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. కస్టమర్ల నుంచి రావలసిన బాకీలుగా చూపిన 2,651 కోట్లలో 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవని అదే లేఖలో ఉంది. తర్వాత, 2011 ఏప్రిల్‌లో, అమెరికా నియంత్రణ సంస్థలు ఆ కంపెనీ ఆడిట్ మీద ఇచ్చిన ఉత్తర్వుల్లో ప్రధానంగా తప్పుబట్టింది ఈ ఉత్తరాల విషయాన్నే. బ్యాంకులకు పంపవలసిన కన్ఫర్మేషన్ ఉత్తరాలను పంపడం, జవాబులు తెచ్చుకోవడం రెండూ ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అవి తేల్చాయి. ఆడిట్ సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా జరిమానా కట్టి రాజీ చేసుకుంది. అంటే ఉత్తరాలు లేకపోవడం కాదు. ఉత్తరాలు ఉన్నాయి, జవాబులూ ఉన్నాయి. అవి నడిచిన దారే బాగోలేదు.

ఈ ఆనవాయితీ పుట్టిందీ ఒక మోసంలోంచే. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ పుస్తకాల్లో కోట్ల డాలర్ల సరుకు, బాకీలు కాగితాల మీదే ఉన్నాయని బయటపడింది. అప్పటిదాకా కస్టమర్లకు ఉత్తరం రాసి అడగడం ఆడిటరు తప్పక చేయవలసిన పని కాదు. ఆ మరుసటి ఏడే అక్కడి అకౌంటెంట్ల సంస్థ దాన్ని తప్పనిసరి పనుల్లో చేర్చింది.

పెద్ద కంపెనీల సంగతి పక్కన పెట్టి, మన మధ్య జరిగే ఒక లెక్క వేసుకుందాం. విజయవాడలో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడనుకోండి. ఉత్తరాంధ్ర లైనులో అతనికి నలభై దుకాణాలు. అందులో శ్రీకాకుళం హార్డ్‌వేర్ షాపు ఒకటి. హోల్‌సేల్ పుస్తకాల్లో ఆ షాపు బాకీ మార్చి 31 నాటికి 4,86,200. ఆడిటరు ఉత్తరం పంపాడు. షాపు యజమాని బద్ధకస్తుడు కాదు, సంతకం గీకి వదిలేయలేదు. తన లెడ్జర్ ప్రతి జతచేసి, ‘మా లెక్క ప్రకారం మేం ఇవ్వవలసింది 4,06,950 మాత్రమే’ అని రాశాడు. తేడా 79,250.

ఇలాంటి జవాబు చూసి విజయవాడ అకౌంటెంటు మొదట అనే మాట ‘ఆళ్ళ లెక్కలు ఎప్పుడూ అంతే సార్’. ఆడిటరుకు మాత్రం ‘సరిపోయింది’ అని వచ్చిన ముప్ఫై కాగితాలకంటే ఈ ఒక్క కాగితం విలువైనది. రెండు లెడ్జర్లు పక్కపక్కన పెట్టి, ఒకవైపు ఉండి రెండోవైపు లేని పద్దుల్ని వెతికితే నాలుగు బయటపడ్డాయి.

మొదటిది 62,000. విజయవాడలో మార్చి 30న బిల్లు వేశారు, 31న లారీలో ఎక్కించారు. సరుకు శ్రీకాకుళంలో దిగింది ఏప్రిల్ 2న. వీళ్ళు అమ్మకం రాసుకున్నారు, వాళ్ళు సరుకు దిగాకే కొనుగోలు రాసుకున్నారు. ఎవరిదీ తప్పు కాదు. అయితే ఇక్కడ ఒక్క విషయం చూడాలి. సరుకు నిజంగా 31 లోపు గోడౌను దాటిందా? లారీ రశీదు తేదీ, ఈ-వే బిల్లు తేదీ చూస్తే తెలుస్తుంది. ఏడాది అమ్మకాలు పెంచి చూపాలనుకున్నవాళ్ళు బిల్లు మార్చిలో వేసి, సరుకు ఏప్రిల్ పదో తారీకున పంపుతారు. ఈ లెక్కలో రశీదు మీద 31 అనే ఉంది. బయటి లారీకి సరుకు అప్పగిస్తే మామూలుగా కొన్నవాడికి అప్పగించినట్టే లెక్క కాబట్టి విజయవాడ పుస్తకంలో మార్పు అక్కర్లేదు.

రెండోది 5,250. మార్చి 20న శ్రీకాకుళం షాపు పగిలిన ఫిట్టింగులు వాపసు పంపి, తన పుస్తకంలో బాకీ తగ్గించుకుంది. విజయవాడ గోడౌనులో ఆ సరుకు దిగింది, మూలన పడి ఉంది, క్రెడిట్ నోటు మాత్రం ఎవరూ వేయలేదు. ఇది విజయవాడ తప్పే. బాకీ ఆ మేరకు తగ్గాలి.

మూడోది 2,500. ‘సంవత్సరం టార్గెట్ దాటితే స్కీమ్ డిస్కౌంట్ ఇస్తామన్నారు’ అని షాపు ఆయన రాశాడు. అన్నది సేల్స్‌మన్, నోటిమాట. దీన్ని ఆడిటరు తేల్చలేడు. యజమాని ఒప్పుకుంటాడో లేదో అడిగి, వివాదంలో ఉన్నట్టు రాసుకుంటాడు. ఇలాంటివి ఒక షాపులో 2,500 అంటే పోనీలే అనుకోవచ్చు. నలభై షాపులూ అదే మాట రాస్తే అది ఒక సేల్స్‌మన్ అన్న మాట కాదు, యజమానికి తెలిసి ఇచ్చిన హామీ అని అర్థం. దానికి పుస్తకాల్లో ముందే చోటు పెట్టి ఉండాలి.

నాలుగోది అందరిలోకీ చిన్నగా, అమాయకంగా కనిపించేది: 9,500. షాపు పుస్తకంలో మార్చి 12న నగదు చెల్లింపుగా ఉంది, సేల్స్‌మన్ చేతి రశీదు నంబరుతో సహా. విజయవాడ పుస్తకంలో ఆ డబ్బు ఏప్రిల్ 3న జమ అయింది. (ఒకే రోజు పదివేలు దాటిన నగదు చెల్లింపును ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు కనుక లైను వసూళ్ళు చాలావరకు ఇలా పదివేలకు కాస్త ఇవతల ఆగుతాయి.) తొందరలో ఉన్న ఆర్టికల్ కుర్రాడు దీన్ని కూడా 62,000 పక్కనే రాసి, ‘దారిలో ఉన్న డబ్బు, ఏప్రిల్‌లో వచ్చేసింది’ అని టిక్కు పెట్టేస్తాడు. నేనూ అలా పెట్టిన రోజులున్నాయి. కానీ సరుకు రెండు రోజులు దారిలో ఉండొచ్చు. జేబులోని నగదు ఇరవై రెండు రోజులు దారిలో ఎందుకుంటుంది?

ఉండదు. మార్చి 12న తీసుకున్న డబ్బు సేల్స్‌మన్ సొంతానికి వాడుకున్నాడు. ఏప్రిల్ మొదట్లో టెక్కలి షాపు ఇచ్చిన నగదు తెచ్చి శ్రీకాకుళం పేరుతో జమ కట్టాడు. ఇప్పుడు టెక్కలి ఖాతాలో ఆ మేరకు లోటు. దాన్ని పలాస వసూలుతో పూడుస్తాడు. ఒక గుంత తవ్విన మట్టితో ఇంకో గుంత పూడ్చినట్టు. ప్రతి ఖాతాలోనూ చివరికి డబ్బు జమ అవుతూనే ఉంటుంది కాబట్టి కంపెనీ లోపల కూర్చుని పుస్తకాలు ఎంత తిరగేసినా ఇది కనిపించదు. కనిపించేది ఒక్కచోటే: డబ్బు ఇచ్చినవాడి పుస్తకంలోని తేదీలో. అందుకే కన్ఫర్మేషన్ జవాబుతోపాటు లెడ్జర్ ప్రతి అడగాలి. చివరి అంకె ఒక్కటే అడిగితే, ఆ ఒక్క తారీకు నాటికి సేల్స్‌మన్ ఆ ఖాతాను సరిచేసి పెట్టుకుంటే, అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఈ ఒక్క 9,500 చూశాక ఆడిటరు చేయవలసింది ఆ లైనులోని మిగతా ముప్ఫై తొమ్మిది షాపులకూ ఉత్తరాలు పంపడం, ఈసారి రశీదు నంబర్లు, తేదీలతో సహా అడగడం. ఇక్కడే మరో చిక్కు. ఆ షాపులకు ఉత్తరాలు ఎవరు అందిస్తారు? ఆ లైను తెలిసినవాడు ఆ సేల్స్‌మనే. ‘సోమవారం వెళ్తున్నా, నేనే ఇచ్చి సంతకాలు పెట్టించుకొస్తా’ అని ఉత్సాహంగా ముందుకొస్తాడు. చాలా ఆఫీసుల్లో ఈ సాయాన్ని ఆనందంగా తీసుకుంటారు.

నకిలీ జవాబుల్ని పట్టుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, కాగితాలన్నీ ఒక బల్ల మీద పరిచి చూస్తే చాలు. పది ఊళ్ళ నుంచి రావలసిన జవాబులు ఒకే రోజు, మడత పడకుండా వస్తాయి. స్టాంపులు వేరైనా సిరా ఒకటే. సంతకం ఉంటుంది, సంతకం చేసినవాడి పేరు ఉండదు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర పలాసది కాక విజయవాడది. ఇప్పుడు ఈ-మెయిళ్ళు వచ్చాక ముద్రల బెడద పోయింది గానీ, జవాబు వచ్చిన మెయిల్ ఐడీ ఎవరు ఇచ్చారన్న ప్రశ్న మిగిలింది. కంపెనీ అకౌంటెంటు ఇచ్చిన జాబితాలోదే అయితే అది సాక్ష్యం కాదు. జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీ నంబరు కొడితే వ్యాపారి పేరు, రిజిస్టరైన చిరునామా ఎవరికైనా కనిపిస్తాయి. అసలు ఆ పేరుతో వ్యాపారం ఉందా, ఆ చిరునామా మనం ఉత్తరం పంపినదేనా అన్నది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు వెచ్చించని ఆడిట్ ఫైళ్ళు నేను చూశాను.

సరుకు అమ్మినవాళ్ళకు, అంటే మనం బాకీ ఉన్న సప్లయర్లకు, పంపే ఉత్తరాల కథ తలకిందులు. కస్టమర్ల విషయంలో ఆడిటరు భయం లేని బాకీని ఉన్నట్టు చూపారేమో అని. కాబట్టి పెద్ద అంకెల్ని ఎంచుకుంటాడు. సప్లయర్ల విషయంలో భయం ఉన్న అప్పును దాచారేమో అని. దాచిన అప్పు పుస్తకంలో పెద్ద అంకెగా కనిపించదు కదా, చిన్నదిగానో సున్నాగానో ఉంటుంది. అందుకే మార్చి 31 నాటి బాకీ ఎంత అని కాక, ఏడాది పొడవునా ఎవరి దగ్గర ఎక్కువ కొన్నాం అని చూసి ఎంచాలి. మన విజయవాడ వ్యాపారి పైపుల ఫ్యాక్టరీకి 1,10,000 మాత్రమే ఇవ్వాలని పుస్తకం చెబుతోందనుకోండి. ఏడాదంతా అక్కడే కొన్నాడు కాబట్టి ఆడిటరు ఉత్తరం పంపాడు. ఫ్యాక్టరీ పంపిన స్టేట్‌మెంటులో 9,40,000 ఉంది. మార్చి 29న దిగిన లోడు బిల్లు 8,30,000 ఇంకా పుస్తకంలో ఎక్కలేదు. కానీ మార్చి 31న గోడౌనులో సరుకు లెక్కపెట్టినప్పుడు ఆ పైపుల్నీ లెక్కపెట్టారు. సరుకు ఉంది, దాని అప్పు లేదు. జీఎస్టీ పోగా మిగిలిన ఆ బిల్లు విలువంతా లాభంలో కలిసిపోయింది, బ్యాంకుకు చూపే బ్యాలెన్స్ షీటులో మెరుస్తూ.

ఈ కారణంగానే సప్లయరుకు రాసే ఉత్తరంలో అంకె వేయకపోవడం మంచిది. ‘మా పుస్తకం ప్రకారం 1,10,000, సరేనా?’ అని అడిగితే అవతలి గుమాస్తా సరే అనేసే ప్రమాదం ఉంది. ‘మార్చి 31 నాటికి మేం మీకు ఎంత ఇవ్వాలో, మీ స్టేట్‌మెంటు పంపండి’ అని ఖాళీ వదిలి అడిగితే అతను తన పుస్తకం తెరవక తప్పదు. దీని ఇబ్బంది కూడా ఉంది. పని ఎక్కువ కాబట్టి జవాబులు తక్కువ వస్తాయి.

జవాబులు తక్కువ రావడం గురించి ఒక మాట. మన ఉత్తరాల్లో చాలావాటి చివర ‘15 రోజుల్లో జవాబు రాకపోతే పై మొత్తాన్ని మీరు అంగీకరించినట్టే భావిస్తాం’ అని ఉంటుంది. ఇది బెదిరింపూ కాదు, చట్టమూ కాదు. జవాబు రాలేదంటే అంగీకరించాడని అర్థమా, కవరు చిరిగి చెత్తబుట్టలో పడిందని అర్థమా? ప్రమాణాలు కూడా ఈ పద్ధతిని బలహీనమైన సాక్ష్యంగానే చూస్తాయి. చిన్న చిన్న బాకీలు వందలకొద్దీ ఉండి, కంపెనీ లోపలి పద్ధతులు గట్టిగా ఉన్నాయని తేలినప్పుడే వాడమంటాయి. పెద్ద బాకీకి జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి, అప్పటికీ రాకపోతే వేరే దారి వెతకాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ బాకీ తాలూకు డబ్బు బ్యాంకులో పడిందా? పడితే ఏ బిల్లుకు? పడకపోతే సరుకు దిగినట్టు షాపువాళ్ళ సంతకం ఉన్న లారీ రశీదు ఉందా? ఈ రెండూ లేని బాకీ, ఎంత అందమైన బిల్లు ఉన్నా, అనుమానించదగ్గదే. ఇంత కష్టం ఎందుకనుకున్నవాళ్ళు బ్యాలెన్స్ షీటు నోట్సులో ‘బాకీల నిల్వలు కన్ఫర్మేషన్‌కు, సరిపోల్చడానికి లోబడి ఉన్నాయి’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. ఏళ్ళ తరబడి అదే వాక్యం ఉన్న కంపెనీల లెక్కలు చదివేటప్పుడు నేను ముందు బాకీల వయసు చూస్తాను.

కన్ఫర్మేషన్‌కు మరో హద్దు ఉంది. శ్రీకాకుళం షాపు ‘అవును, బాకీ ఉన్నాను’ అంటే బాకీ ఉందని తేలుతుంది. అది వసూలవుతుందని తేలదు. దివాలా అంచున ఉన్నవాడు కూడా నిజాయతీగా సంతకం చేస్తాడు. కస్టమరూ కంపెనీ కుమ్మక్కైతే దొంగ సంతకమే అవసరం లేదు, అసలు సంతకమే అబద్ధం చెబుతుంది.

ఇక ఉత్తరం అందుకున్న షాపు ఆయన వైపు నుంచి చూద్దాం. ఆయనకు ఈ కాగితంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, వాయిదా ఏదీ లేకుండా అమ్మిన సరుకు బాకీకి దావా వేయడానికి సరుకు అప్పగించిన నాటి నుంచి మూడేళ్ళే గడువు. కానీ ఆ గడువు తీరకముందు బాకీని ఒప్పుకుంటూ రాతపూర్వకంగా సంతకం చేస్తే, అదే చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం సంతకం చేసిన రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. 2022 మేలో దిగిన సరుకు బాకీ 2025 మేతో గడువు దాటేది. 2024 ఏప్రిల్ 20న ఆ బాకీ కలిసిన కన్ఫర్మేషన్ మీద సంతకం పెడితే 2027 ఏప్రిల్ దాకా దావాకు దారి తెరిచినట్టే. గడువు అప్పటికే తీరిపోతే మాత్రం ఈ సెక్షన్ కింద సంతకం దాన్ని బతికించదు. అందుకని హోల్‌సేల్ వాళ్ళ దగ్గర ఈ ఉత్తరాల ఫైలు ఆడిటరు వెళ్ళిపోయాక కూడా బీరువాలో భద్రంగా ఉంటుంది. ‘వసూలు కోసం కాదు’ అన్న వాక్యం నిజమే, ఉత్తరం రాసిన రోజుకు. షాపు ఆయన సంతకం మానేయాలని కాదు దీని అర్థం. తన లెడ్జర్ తీసి చూసుకుని, తేడా ఉంటే తేడాతో సహా రాసి, కింద తన పేరు, తేదీ వేసి, కవరు మీద ఉన్న ఆడిటరు చిరునామాకే పంపాలి. చేతికి అడిగిన సేల్స్‌మన్‌కు ఇవ్వకూడదు.

విజయవాడ పుస్తకాల్లో శ్రీకాకుళం ఖాతా చివరికి 4,71,450 దగ్గర నిలిచింది. వాపసు సరుకు 5,250, నగదు 9,500 తీసేస్తే వచ్చేది అదే. లారీలో ఉన్న 62,000 అలాగే ఉంది. 9,500 పక్కన సేల్స్‌మన్ పేరుతో కొత్త ఖాతా ఒకటి తెరిచారు. 2,500 డిస్కౌంట్ సంగతి యజమాని ఇంకా తేల్చలేదు. ‘వాడన్న మాటకు నేనెందుకు ఇవ్వాలి?’ అంటున్నాడు.